కీలో ఉన్న సంవత్సరం దేనిది? (నల్లగొండలో ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, జిల్లా నలుమూలల నుంచి వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

క్విజ్ ప్రశ్నలు ఎట్లా తయారు చేయాలో చెప్పమని అడిగి ఉంటే, నాకంటే బాగా చెప్పగలిగినవారు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. నన్ను మాట్లాడమన్నది ప్రశ్నపత్రం తయారైన తర్వాత, పోటీకి ముందు జరగాల్సిన పని గురించి, అంటే కీని సరిచూడటం గురించి. ఆ పనిని నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

చాలా ఏళ్ల కింద ఒక మండల స్థాయి పోటీకి ప్రశ్నలు నేనే రాశాను, కీ కూడా నేనే రాశాను. అందులో ఒక ప్రశ్న, "నాగార్జునసాగర్ ప్రాజెక్టును ఏ సంవత్సరంలో నిర్మించారు?" అని. కీలో 1955 అని పెట్టాను. మొదటి జట్టు 1967 అన్నది, తప్పన్నాను. రెండో జట్టు 1969 అన్నది, అదీ తప్పన్నాను. మూడో జట్టు 1955 అనగానే మార్కు ఇచ్చాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర, రెండో జట్టులోని ఎనిమిదో తరగతి అమ్మాయి పుస్తకం పట్టుకొని వచ్చి, "సార్, 1955ల పునాదిరాయి వేసిన్రు గదా, అదే రోజు డ్యాం అయిపోయినట్టా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అంతకన్నా ఇబ్బంది ఏమంటే, అప్పటికే ఫలితాలు ప్రకటించేశాం.

ఆ సాయంత్రం పుస్తకాలు ముందేసుకొని కూర్చుంటే తేలింది ఇది. జవాహర్‌లాల్ నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేసినది 1955 డిసెంబరు 10న. ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలినది 1967 ఆగస్టు 4న. రాతి ఆనకట్ట కట్టడం పూర్తయినది 1969లో. పైన గేట్లు బిగించే పని ముగిసినది 1974లో. ఒక పుస్తకంలో 1955, మరొక దాంట్లో 1967, ఇంకొక దాంట్లో 1974 కనబడితే, వాటిలో ఏదో ఒకటే నిజమనీ మిగతావి అచ్చుతప్పులనీ మనం అనుకుంటాం. నిజానికి ఏ పుస్తకమూ తప్పు రాయలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క ఘట్టాన్ని లెక్కలోకి తీసుకున్నారు. తప్పు నా ప్రశ్నలోని "నిర్మించారు" అనే క్రియలో ఉంది. పందొమ్మిదేళ్లు సాగిన పనికి ఒక్క సంవత్సరం చెప్పమని అడిగాను.

పుస్తకాల్లో తేదీలు తేడా వచ్చినప్పుడు చాలామంది చేసే పని, ఎక్కువ పుస్తకాల్లో ఏది ఉంటే దాన్ని కీలో పెట్టడం. ఇది ఓట్లు లెక్కించినట్టు ఉంటుంది, కాని ఇక్కడ ఓట్లకు విలువ లేదు. గైడ్లు, బిట్ బ్యాంకులు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవే ఎక్కువ. నాలుగు గైడ్లలో ఒకే తేదీ ఉంటే అవి నాలుగు సాక్ష్యాలు కావు, ఒకే సాక్ష్యం నాలుగుసార్లు అచ్చయిందేమో చూసుకోవాలి. దీన్ని పట్టుకోవడానికి ఒక సులువు ఉంది. ఒక గైడులో ఊరి పేరుకో మనిషి పేరుకో అక్షరదోషం ఉండి, అదే దోషం రెండో గైడులో కూడా అట్లాగే కనబడితే, రెండోది మొదటిదాన్ని చూసి రాసిందని చెప్పవచ్చు. కాబట్టి నేను తేదీలను లెక్కపెట్టడం మానేసి, ప్రతి పుస్తకంలో ఆ సంవత్సరం పక్కన ఏ క్రియ ఉందో చూస్తాను. "శంకుస్థాపన జరిగింది", "ప్రారంభించారు", "పూర్తయింది", "జాతికి అంకితం చేశారు" అనే మాటల్లో ఏది ఉందో ఒక కాగితం మీద రాసుకుంటే, పదింట ఎనిమిది తగాదాలు అక్కడికక్కడే తీరిపోతాయి. ఆ తర్వాత చేయాల్సింది కీని మార్చడం కాదు, ప్రశ్నను ఒక్క రోజు జరిగిన ఒక్క పనికి కుదించడం. "నాగార్జునసాగర్ కాల్వలకు మొదటిసారి నీరు వదిలిన సంవత్సరం ఏది?" అని అడిగితే 1967 తప్ప మరొకటి నిలబడదు.

సంవత్సరాల సంగతే కాదు, కొలతల్లోనూ ఇదే జరుగుతుంది. సాగర్ ఆనకట్ట పొడవు ఎంతని అడిగితే, రాతికట్టను మాత్రమే లెక్కవేసినవారు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు అంటారు, రెండు వైపులా ఉన్న మట్టికట్టలను కూడా కలిపినవారు దాదాపు అయిదు కిలోమీటర్లు అంటారు. కీ చూసేవారు ఈ రెండు అంకెలూ కనబడితే, ఏది ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని అడగాలి.

ఇంకొక రకం తేడా ఉంది. ఇందులో ఘట్టం ఒకటే, తేదీ కూడా ఒకటే, అయినా పుస్తకాల్లో ఒక్క సంవత్సరం అటూ ఇటూ వస్తుంది. కాకతీయ రుద్రదేవుని హనుమకొండ శాసనం శక సంవత్సరం 1084 నాటిది. శకానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని మనం పిల్లలకు చెబుతాం. ఆ లెక్కన 1162 కావాలి. కొన్ని పుస్తకాల్లో అట్లాగే ఉంటుంది. కాని శాసనంలో ఉన్నది చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి. శక సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కనుక, మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండరులో సంవత్సరం మారి జనవరి వచ్చేస్తుంది. అందుకే ఆ తేదీ 1163 జనవరి 19 అవుతుంది. 78 కలిపినవారిది పూర్తిగా తెలియకపోవడం కాదు, నెల చూడకపోవడం. నిజాం కాలపు కాగితాల్లో కనబడే ఫసలీ సంవత్సరాలకూ ఇదే చిక్కు ఉంది. ఫసలీకి 590 కలపాలన్నది సూత్రమే, కాని ఆ సంవత్సరం అక్టోబరు ప్రాంతంలో మొదలయ్యేది కాబట్టి, 1356 ఫసలీ అంటే 1946లో కొంత, 1947లో కొంత. నెల తెలియకుండా దాన్ని ఒక్క సంవత్సరంగా కీలో పెడితే సగం సంవత్సరానికి అన్యాయం జరుగుతుంది. ఇటువంటిచోట నా నియమం ఒక్కటే. రెండు పుస్తకాల మధ్య తేడా సరిగ్గా ఒక్క సంవత్సరం ఉంటే, అచ్చుతప్పని అనుకోకముందు ఆ మూలం ఏ క్యాలెండరులో ఉందో చూస్తాను.

ఇప్పుడు తేదీలు కొంతసేపు పక్కన పెట్టి, మాటల దగ్గరికి వస్తాను. "మొదటి ఆంధ్ర మహాసభ ఎక్కడ జరిగింది?" అనే ప్రశ్న ఎన్ని పత్రాల్లో చూశానో చెప్పలేను. మన వైపు చదివిన పిల్లలు జోగిపేట అంటారు, 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిందని కూడా చెబుతారు. కోస్తా చరిత్ర చదివినవారు బాపట్ల, 1913 అంటారు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఒకటి మద్రాసు రాష్ట్రంలోని తెలుగువారిది, మరొకటి నిజాం రాష్ట్రంలోని తెలుగువారిది. ప్రశ్న రాసిన మనిషి తన మనసులో "నిజాం రాష్ట్ర" అనే మాట ఉంచుకొని, కాగితం మీద పెట్టడం మరిచిపోయాడు. రాసినవారికి ఆ లోటు ఎన్నటికీ కనబడదు, ఎందుకంటే చదివిన ప్రతిసారీ ఆ మాటను మనసే పూరించుకుంటుంది. అందుకే ప్రశ్న రాసినవారు కీని సరిచూడకూడదు. నల్లగొండకు దగ్గరి సంగతి కాబట్టి చెబుతున్నాను, రెండో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ 1931లో దేవరకొండలో జరిగింది. "రెండో ఆంధ్ర మహాసభ" అని మాత్రమే అడిగితే, దేవరకొండ పిల్లలు కూడా అనుమానించాల్సి వస్తుంది.

ఒకప్పుడు నిజమై, తర్వాత కీలో అలాగే మిగిలిపోయిన జవాబులు మన జిల్లాలో మరీ ఎక్కువ. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చిన పోచంపల్లి అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగాక అది యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయింది. దొడ్డి కొమురయ్య 1946 జూలై 4న ప్రాణం విడిచిన కడవెండి కూడా అప్పటి నల్లగొండ జిల్లానే, ఇప్పుడు జనగామ జిల్లా. మహబూబ్‌నగర్ మిత్రులకూ ఇదే బాధ ఉంది. అలంపూర్ ఏ జిల్లా అంటే పాత కీలో మహబూబ్‌నగర్, ఇప్పుడు జోగులాంబ గద్వాల. "పోచంపల్లి ఏ జిల్లాలో ఉంది?" అన్నప్పుడు "ఉంది" అనే మాట ఈ రోజును సూచిస్తుంది కాబట్టి, పాత కీ ఖచ్చితంగా తప్పు. "భూదానం జరిగిన నాటికి ఏ జిల్లాలో ఉండేది?" అంటే పాత కీ ఒప్పు. ఆప్షన్లలో నల్లగొండ, యాదాద్రి భువనగిరి రెండూ పెట్టి, కాలం చెప్పకుండా అడగడం మాత్రం పిల్లలను గోతిలోకి తోయడమే. పాత పత్రాల నుంచి ప్రశ్నలు ఎత్తుకునేటప్పుడు, జిల్లా పేరున్న ప్రతి బిట్టునూ నేను వేరే రంగు కలంతో గుర్తు పెట్టుకుంటాను.

ఇక పని జరిగే తీరు. పత్రం నా చేతికి వచ్చినప్పుడు కీని కవరులోనే ఉంచి, ముందు ప్రశ్నలన్నిటికీ నేను విద్యార్థిలాగా జవాబులు రాస్తాను. ఎక్కడ ఒక్క క్షణం ఆగానో అక్కడ పెన్సిలుతో చుక్క పెడతాను. ఆ తర్వాతే కవరు తెరుస్తాను. జవాబు కలవనివాటితో పాటు, జవాబు కలిసినా చుక్క పడినవాటిని కూడా పుస్తకాలతో సరిచూస్తాను, ఎందుకంటే మాట అస్పష్టంగా ఉన్న ప్రశ్నలు ఎక్కువగా ఆ చుక్కల్లోనే దాగుంటాయి. యాభై ప్రశ్నల పత్రానికి నాకు రెండు సాయంత్రాలు పడుతుంది. మొదటి సాయంత్రం గంటన్నరలో అయిపోతుంది, రెండోది మాత్రం నాలుగైదు ప్రశ్నల దగ్గరే గడిచిపోతుంది.

కీలో జవాబు ఒక్కటే రాసి వదలకూడదు. మా దగ్గర ఇప్పుడు ఆ సాగర్ ప్రశ్న కింద ఇట్లా ఉంటుంది: "1967. కాల్వలకు నీటి విడుదల, ఆగస్టు 4. 1955 శంకుస్థాపన, 1969 రాతి ఆనకట్ట, 1974 గేట్లు, ఇవి ఒప్పుకోవద్దు." క్విజ్ మాస్టరు కొత్తవారైనా, వేదిక మీద ఎవరైనా లేచి అభ్యంతరం చెబితే ఆ ఒక్క గీత చూసి జవాబు ఇవ్వగలుగుతారు.

ఇంత చూసినా ఒకటి రెండు జారిపోతాయి. అప్పుడు ఏం చేయాలన్నది పోటీ మొదలుకాకముందే జట్లకు చదివి వినిపించాలి. కీ తప్పని ఆధారం చూపితే సరిచేసి, ఆ రౌండు మార్కులు మళ్లీ వేస్తాం. ప్రశ్నకు రెండు జవాబులూ నిలబడితే రెంటికీ మార్కు ఇస్తాం. ప్రశ్నే అర్థం కానట్టు ఉంటే దాన్ని తీసేసి, రిజర్వు ప్రశ్న వేస్తాం. తీసేసిన ప్రశ్నకు అందరికీ మార్కు కలపడం రాతపరీక్షలో నడుస్తుంది. కాని బజరు నొక్కే రౌండులో అట్లా చేస్తే, ముందుగా నొక్కిన జట్టుకు నష్టమే. అభ్యంతరం చెప్పే గడువు ఆ రౌండు ముగిసేదాకే ఉండాలి, బహుమతులు ఇచ్చేదాకా కాదు. రిజర్వు ప్రశ్నలకు కూడా ఇదే తనిఖీ జరిగి ఉండాలి. పోయిన ఏడాది మేము రౌండుకు రెండు చొప్పున పెట్టుకున్నాం, ఒకటే వాడవలసి వచ్చింది, అది కూడా పాత పత్రం నుంచి తెచ్చిన జిల్లా పేరు ప్రశ్న వల్లనే.