డాలర్ చెల్లింపుకు బీమా: ఫార్వర్డా, ఆప్షనా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈరోజు చర్చకు ఒకే ఉదాహరణ పెట్టుకుందాం. విజయవాడలో వైద్య పరికరాలు దిగుమతి చేసే ఒక సంస్థ, ఆసుపత్రికి యంత్రాల సరఫరా టెండరు వేసిందనుకుందాం. టెండరు దక్కితే మూడు నెలల తర్వాత విదేశీ తయారీదారుకు 2 లక్షల డాలర్లు కట్టాలి. ఆసుపత్రికి ఇచ్చిన ధర మాత్రం రూపాయల్లో ఇప్పుడే ఖాయమైపోయింది. లెక్క సులువుగా ఉండటానికి డాలరు ఇవాళ 85 రూపాయలు, మూడు నెలల ఫార్వర్డ్ 85.40 అనుకుందాం. చర్చలో బ్యాంకు ట్రెజరీ విభాగం నుంచి ఒకరు, దిగుమతి సంస్థల ఖాతాలు చూసే చార్టర్డ్ అకౌంటెంట్ ఒకరు ఉన్నారు. మేడమ్, ముందు మీరు. ఫార్వర్డ్ చేసుకుంటే సరిపోదా?

ట్రెజరీ అధికారి: చెల్లింపు ఖాయమైతే చాలాసార్లు సరిపోతుందండి. ఫార్వర్డ్ అంటే మూడు నెలల తర్వాత 85.40కి డాలర్లు కొంటానని ఇప్పుడే రాసిచ్చేయడం. ముందుగా ప్రీమియం కట్టక్కర్లేదు. కానీ అది హక్కు కాదు, బాధ్యత. రేటు 83.40కి దిగినా 85.40కే కొనాలి. ఆప్షన్‌లో అలా కాదు. కాల్ ఆప్షన్ కొంటే ఫలానా ధరకు డాలర్లు కొనే హక్కు మాత్రమే వస్తుంది. ఆ ధరే స్ట్రైక్. బజారులో అంతకన్నా చవగ్గా దొరికితే ఆప్షన్ వదిలేసి బజారులోనే కొనుక్కుంటారు. ఆ హక్కుకు కట్టే ధరే ప్రీమియం.

వ్యాఖ్యాత: ఈ సంస్థకు ఎంత పడుతుంది?

ట్రెజరీ అధికారి: 85.40 స్ట్రైక్‌తో మూడు నెలల కాల్ ఆప్షన్‌కు, రేటు ఊగిసలాట ఏడాదికి 4 శాతం అనుకుంటే, బ్యాంకు మార్జిన్ కలిపి డాలరుకు 75 పైసలు అనుకోండి. 2 లక్షల డాలర్లకు లక్షన్నర రూపాయలు. అది ముందే కట్టాలి, ఆప్షన్ వాడినా వాడకపోయినా మళ్లీ రాదు. కాబట్టి ఈ సంస్థకు డాలరు గరిష్ఠంగా 86.15కి పడుతుంది. రేటు 90కి పోయినా అంతే.

సీఏ: ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. స్ట్రైక్‌ను ఇవాళ్టి 85తో పోల్చి చూస్తారు. బ్యాంకు ధర కట్టేది ఫార్వర్డ్ రేటును బట్టి. మనకూ అమెరికాకూ వడ్డీ రేట్లలో ఉన్న తేడా వల్ల ఆ 40 పైసలు ఎలాగూ ఉంటాయి. 85 స్ట్రైక్ అడిగితే ఆ 40 పైసల్లో కొంత ప్రీమియంలోకి వచ్చి చేరుతుంది. అది చూసి ఆప్షన్ ఖరీదని అనుకుంటారు.

వ్యాఖ్యాత: స్ట్రైక్ పైకి జరిపితే?

సీఏ: ప్రీమియం తగ్గుతుంది. 86.50 స్ట్రైక్‌కు సుమారు 30 పైసలు, అంటే 60 వేల రూపాయలు. ఆరోగ్య బీమాలో మొదటి కొంత ఖర్చు మనమే పెట్టుకుని మిగతాది కంపెనీని భరించమంటే ప్రీమియం ఎలా తగ్గుతుందో ఇదీ అంతే. 85.40 నుంచి 86.50 దాకా పెరిగే రూపాయి పది పైసలు మీదే, ఆపైన బ్యాంకుది. అప్పుడు గరిష్ఠ ధర 86.80. నా సలహా ఏమిటంటే, ముందు టెండరు ధరలో మీ లాభం తీసి చూడండి. డాలరు ఎంతకు చేరితే లాభం హరించుకుపోతుందో ఆ అంకె రాసుకోండి. అది 87 అయితే ఈ చవక ఆప్షన్ మిమ్మల్ని కాపాడుతుంది. 86.30 అయితే కాపాడదు, 75 పైసలు పెట్టాల్సిందే.

వ్యాఖ్యాత: మరి ఫార్వర్డ్ కన్నా ఆప్షన్ ఎప్పుడు మెరుగు?

ట్రెజరీ అధికారి: చెల్లింపు ఖాయమనుకుంటే లెక్క సూటిగా ఉంటుంది. 85.40లోంచి 75 పైసలు తీసేస్తే 84.65. మూడు నెలల తర్వాత డాలరు అంతకన్నా కిందికి వస్తేనే ఆప్షన్ గెలుస్తుంది. 85.40 పైన ఎక్కడున్నా ఫార్వర్డ్‌తో పోలిస్తే 75 పైసలు నష్టం. అందుకే ఓడ ఎక్కిన సరుకుకు, తేదీ, మొత్తం రెండూ తెలిసిన బిల్లుకు నేను ఫార్వర్డే చెబుతాను.

కానీ మన ఉదాహరణలో టెండరు రావచ్చు, రాకపోవచ్చు. రాలేదు, పైగా డాలరు 83.40కి దిగింది అనుకోండి. ఫార్వర్డ్ క్యాన్సిల్ చేస్తే డాలరుకు 2 రూపాయలు పోతాయి. మొత్తం 4 లక్షలు. సరుకూ లేదు, ఆదాయమూ లేదు, నష్టం మాత్రం మిగిలింది. ఆప్షన్ కొని ఉంటే పోయేది మొదట కట్టిన లక్షన్నరే.

సీఏ: అది కూడా పూర్తిగా పోనక్కర్లేదు. నెలన్నరకే టెండరు రాలేదని తేలితే ఆప్షన్‌ను బ్యాంకుకే తిరిగి అమ్మేయవచ్చు. ఇంకా సగం గడువు ఉంది కాబట్టి రేట్లు పెద్దగా కదలకపోతే 40 పైసలైనా వస్తాయి. అంటే 80 వేలు వెనక్కి. చాలామంది దాన్ని గడువు దాకా అలాగే వదిలేసి సున్నా చేసుకుంటారు, నాకు బాధనిపించేది అదే.

వ్యాఖ్యాత: టెండరు రాలేదు గానీ డాలరు పెరిగింది. ఆ లాభం సంస్థదేనా?

ట్రెజరీ అధికారి: వెంటనే చేతికి రాకపోవచ్చు. టెండరు దశలో ఉన్నది ఇంకా ఖాయం కాని చెల్లింపు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అలాంటి చెల్లింపుకు తీసుకున్న హెడ్జ్, అంటే రేటు రక్షణ ఒప్పందం మీద వచ్చిన నికర లాభాన్ని అసలు చెల్లింపు జరిగినప్పుడే ఇస్తారు. చెల్లింపు జరగకపోవడానికి కారణం సంస్థ చేతిలో లేనిదని బ్యాంకుకు నమ్మకం కుదిరితే మినహాయింపు ఉంటుంది. అందుకే టెండరు పత్రాలు, ఫలితం వచ్చిన ఉత్తరం భద్రంగా పెట్టుకోండి.

వ్యాఖ్యాత: ప్రీమియం లేని ఆప్షన్ ఉందంటూ కొందరు చెబుతుంటారు...

సీఏ: అందులో మీరు ఒక కాల్ కొని, బ్యాంకుకు ఒక పుట్ అమ్ముతారు. మీకు రావాల్సిన ప్రీమియంతో కట్టాల్సిన ప్రీమియం సరిపోతుంది. చెల్లింపు ఖాయమైన వాళ్లకు అది పనికొస్తుంది. టెండరు వేసినవాళ్లకు మాత్రం వద్దు. అమ్మిన పుట్ అంటే డాలరు పడితే కొనాల్సిందేనన్న బాధ్యత. టెండరు రాకపోతే ఫార్వర్డ్‌లో పడ్డ చిక్కే ఇక్కడా పడుతుంది.

ట్రెజరీ అధికారి: 2013ను గుర్తు తెచ్చుకోండి. మే మొదట్లో 54 దరిదాపుల్లో ఉన్న డాలరు ఆగస్టు 28న 68.80 దగ్గర ముగిసింది. అక్టోబరుకల్లా 61, 62 మధ్యకు వచ్చేసింది. ఆ భయంలో ఆగస్టు చివర ఫార్వర్డ్ చేసుకున్నవాళ్లు పడిన రేటు అందుకోలేకపోయారు. అయితే ఒకటి, అలాంటి రోజుల్లో ఊగిసలాట పెరిగి ఆప్షన్ ప్రీమియం కూడా మండిపోతుంది. గాలివాన మొదలయ్యాక బీమా అడిగితే చవగ్గా ఇవ్వరు.

వ్యాఖ్యాత: కాగితాల మీద చూసుకోవాల్సినవి?

ట్రెజరీ అధికారి: మొదట తేదీ. ఓడ ఆలస్యమై చెల్లింపు పదిహేను రోజులు జరిగితే, ఆప్షన్ గడువు ముందే ముగిసిపోయి రక్షణ లేకుండా మిగులుతారు. కాస్త ఎక్కువ గడువు తీసుకుంటే ప్రీమియం కొద్దిగానే పెరుగుతుంది. ఒప్పందంలో గడువు రోజు ఎన్ని గంటలకు ముగుస్తుందో కూడా చూడండి. లాభంలో ఉన్న ఆప్షన్‌ను బ్యాంకు తనంతట తాను అమలు చేస్తుందా, మీరు చెప్పాలా అన్నది రాతపూర్వకంగా అడగండి. ఆప్షన్ వాడాక డాలర్లు సాధారణంగా రెండు పనిదినాల తర్వాత వస్తాయి. కాబట్టి గడువు తేదీ చెల్లింపు రోజున కాకుండా దానికి రెండు పనిదినాల ముందు పడేలా పెట్టించండి.

సీఏ: ధర అడిగేటప్పుడు ఒకే స్ట్రైక్, ఒకే గడువు, ఒకే మొత్తం చెప్పి కనీసం రెండు బ్యాంకుల నుంచి, ఒకే గంటలో ప్రీమియం తెప్పించుకోండి. గంటలు మారితే రేటూ మారుతుంది, పోల్చడానికి వీలుండదు. 2 లక్షల డాలర్లకు 10 పైసల తేడా అంటే 20 వేల రూపాయలు.