స్టూడియో యజమానికి తొలి సందేశం: ఆయన ఫుటేజీతోనే ముప్పై సెకన్ల నమూనా

సభకు నమస్కారం. అమలాపురం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్న మిత్రులు చాలామంది ఇక్కడ ఉన్నారు. స్టూడియో యజమానికి పని కోసం పంపే మొదటి సందేశం ఎలా ఉండాలో మాట్లాడమన్నారు కనుక, నేను పంపిన రెండు సందేశాలను మీ ముందు పెడతాను.

మొదటిది పొరపాటు. నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్లన్నీ వరుసగా రాసి, వేరే ఊళ్లలో చేసిన పనులన్నీ కలిపిన నాలుగు నిమిషాల వీడియోను వాట్సాప్‌లో మామూలుగా జతచేసి పంపాను. "బొమ్మ మసకగా ఉందండి" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. వాట్సాప్ వీడియోను కుదించి పంపుతుందనీ, అదే ఫైలును డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుందనీ ఆ రోజుకు నాకు తెలియదు. అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉంది: ఆయన కెమెరామన్ తీసిన బొమ్మతో నేను ఏం చేయగలనో ఆ వీడియోలో ఎక్కడా కనబడలేదు.

రెండో సందేశాన్ని ఆషాఢంలో, ముహూర్తాలు లేక స్టూడియోలో కాస్త తీరిక ఉండే రోజుల్లో, మరొక యజమానికి పంపాను. అది ఇది:

"నమస్కారమండి. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. మీరు తీసిన ఏదైనా ఒక పెళ్లిలో ముహూర్త సమయపు ఫుటేజీ పది నిమిషాలు ఇస్తే, నిలువు ఫ్రేములో 30 సెకన్ల రీల్ ఒకటి చేసి మూడు రోజుల్లో చూపిస్తాను. దీనికి డబ్బులు అక్కర్లేదు. ఆ కుటుంబం ఒప్పుకుంటేనే ఇవ్వండి. నేను ఎక్కడా పోస్టు చేయను, పని అయ్యాక ఫైళ్లు తీసేస్తాను. ఫుటేజీ ఫోర్‌కేలో తీసిందా, ఫుల్ హెచ్‌డీలో తీసిందా చెప్పగలరా? పెన్‌డ్రైవ్‌తో నేనే వస్తానండి."

పెన్‌డ్రైవ్ సంగతి ఎందుకు రాశానంటే, సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసిన ఫోర్‌కే వీడియో నిమిషానికి దాదాపు 750 మెగాబైట్లు, అంటే పది నిమిషాలకు ఏడున్నర జీబీ అవుతుంది. దాన్ని అప్‌లోడ్ చేయమని మనమెవరో తెలియని మనిషిని అడిగితే ఆ పని ఎప్పటికీ జరగదు.

ఫోర్‌కేనా అని అడగడమే ఆ సందేశంలో అసలైన మాట. పెళ్లి వీడియో అడ్డంగా తీస్తారు, రీల్ నిలువుగా 1080 × 1920 కొలతలో ఉండాలి. ఫోర్‌కే ఫ్రేము ఎత్తు 2160 పిక్సెళ్లు కనుక, అందులోంచి నిలువు ముక్క కోస్తే 1215 పిక్సెళ్ల వెడల్పు దొరుకుతుంది, బొమ్మ చెక్కుచెదరదు. ఫుల్ హెచ్‌డీలో అయితే అదే ముక్క వెడల్పు 607 పిక్సెళ్లే. దాన్ని ఇంచుమించు ఒకటిముప్పావు రెట్లు సాగదీయాలి, అప్పుడు పెళ్లికూతురి కనురెప్పలు, బాసికం మీది ముత్యాలు కలిసిపోయి మెత్తబడతాయి. ఫుల్ హెచ్‌డీ అని జవాబు వస్తే ముఖాలను దగ్గరగా తీసిన షాట్లనే వాడతాననీ, మిగతావి కోయననీ ముందే చెప్పేయడం మంచిది.

ఆయన ఇచ్చింది ఫోర్‌కే. అయినా జీలకర్ర బెల్లం దగ్గర చిక్కు వచ్చింది. తెరసెల్లాకు అటొకరు ఇటొకరు కూర్చుంటారు. నిలువుగా కోస్తే ఒక ముఖం, మధ్యలో గుడ్డ మాత్రమే మిగులుతాయి. వధువును పై సగంలో, వరుణ్ణి కింది సగంలో పెట్టి, తెర దించిన క్షణాన ఇద్దరి చూపులు ఒకేసారి లేచేలా కలిపాను. తలంబ్రాలకు ఏ చిక్కూ లేదు. దోసిళ్లు తలల పైకి లేచే ఘట్టం కనుక నిలువు ఫ్రేముకు అది చక్కగా అమరుతుంది.

సంగీతం విషయంలో నా అభిప్రాయం గట్టిది. సినిమా పాట వేస్తే హక్కుల పేరుతో రీల్ మూగబోయే ప్రమాదం ఉంది, ఆ ఇబ్బంది స్టూడియో ఖాతాకే వస్తుంది. అందుకని ఆ పెళ్లిలో మోగిన సన్నాయి, డోలునే తీసుకుని డోలు దెబ్బల మీద కట్‌లు వేశాను. అయితే గట్టిమేళం దగ్గర కెమెరా మైకు తట్టుకోలేక శబ్దం చీలిపోయింది. తరంగం పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా కనిపిస్తే అది చెడిపోయిందని అర్థం, తర్వాత స్థాయి తగ్గించినా బాగుపడదు. ఆ ఐదు సెకన్లకు, అదే మేళాన్ని కాస్త దూరం నుంచి తీసిన రెండో కెమెరా శబ్దం వాడాను.

మూడో రోజు రీల్‌ను డాక్యుమెంటుగా పంపి, స్టూడియోకు వెళ్లాను. ఆయన రెండుసార్లు చూసి, "పెళ్లికూతురి అమ్మగారు ఎక్కడా కనబడలేదేంటండి? రేపు ఈ రీల్ పదిమందికీ చూపించుకునేది ఆవిడే" అన్నారు. నేను బొమ్మల అందం చూసుకున్నాను, ఆయన ఇంటి మనుషులను చూశారు. అక్కడే కూర్చుని ఫుటేజీ మళ్లీ వెతికితే, మంగళసూత్రం కట్టే వేళ ఆవిడ చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంటున్న షాటు దొరికింది. తలంబ్రాల్లోంచి రెండు సెకన్లు తగ్గించి ఆ షాటు పెట్టాను. శ్రావణంలో వచ్చిన మొదటి పెళ్లి హార్డ్ డిస్కును ఆయన నాకే ఇచ్చారు.