మీటరు చెప్పిన లెక్క

శ్రోతలకు నమస్కారం.

మా పెద్దక్క కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాడు. సొంత బైకు మీద భోజనం పార్సిళ్లు ఇళ్లకు చేరుస్తుంటాడు. ఆ మధ్య వచ్చినప్పుడు, "రోజుకు 900 వస్తోంది మామయ్యా, పెట్రోలు పోను 600 మిగులుతోంది" అన్నాడు. సంతోషించాను. అంతలో "వెనక టైరు పోయింది, 2,000 సర్దుతావా" అని అడిగాడు. మిగులుతున్నవాడు టైరుకెందుకు అప్పు అడుగుతున్నాడు? అక్కడే కూర్చుని లెక్క మొదలుపెట్టాం.

ముందు "రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావురా" అన్నాను. యాప్‌లో చూసి 70 అన్నాడు. మర్నాడు బయలుదేరేటప్పుడు బండి మీటరు రీడింగ్ రాయమన్నాను, రాత్రి ఇల్లు చేరాక మళ్లీ రాయమన్నాను. 120 వచ్చింది. యాప్ 70 అంది, మీటరు 120 అంది. ఆ తేడా 50 కిలోమీటర్లూ ఖాళీ తిరుగుడే. ఆర్డర్ ఇచ్చేసి వెనక్కి రావడం, హోటళ్లున్న చోటు వెతుక్కుంటూ పోవడం. దానికి డబ్బులిచ్చేవాళ్లు లేరు, పెట్రోలు మాత్రం పోస్తున్నాడు.

ఇక మైలేజీ. 60 ఇస్తుందని వాడి నమ్మకం. ట్యాంకు ఫుల్ చేయించి రీడింగ్ రాసుకున్నాడు. మూడు రోజుల తర్వాత అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించాడు. 360 కిలోమీటర్లకు 8 లీటర్లు పట్టింది, అంటే లీటరుకు 45. సిగ్నళ్లు, గల్లీలు, ఆగడం, కదలడం... ఊళ్లో తిరిగే బండి అంతే ఇస్తుంది. లీటరు 107 రూపాయల చొప్పున కిలోమీటరుకు దాదాపు 2 రూపాయల 40 పైసలు.

తర్వాతది వాడి లెక్కలో లేనే లేదు. 3,000 కిలోమీటర్లకోసారి ఇంజనాయిలు, మెకానిక్ కూలి కలిపి 600, అంటే కిలోమీటరుకు 20 పైసలు. రెండు టైర్లకు 4,000, అవి 20,000 కిలోమీటర్లు నడుస్తాయి, అదీ 20 పైసలే. చైను, స్ప్రాకెట్లు, బ్రేకు షూలు, క్లచ్ కేబుల్, పంక్చర్లు అన్నీ కలిపి ఇంకో 20. మొత్తం 60 పైసలు. ఇవి రోజూ జేబులోంచి పోవు కాబట్టి లేవనుకుంటాం. ఏ రోజుకారోజు అరుగుతూనే ఉంటాయి.

బండి ధర మాటేమిటి? 85,000కి కొన్నాడు. ఈ తిరుగుడుకు మూడేళ్లలో లక్ష కిలోమీటర్లు దాటుతుంది. అప్పుడు అమ్మితే 20,000 వస్తే గొప్ప. పోయిన 65,000ను లక్ష కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు 65 పైసలు.

2 రూపాయల 40, ఓ 60, ఓ 65. మొత్తం 3 రూపాయల 65 పైసలు. బండి కదిలిన ప్రతి కిలోమీటరుకూ 3 రూపాయల 65 పైసలు. రోజుకు 120 కిలోమీటర్లకు 438 రూపాయలు. 900లో అవి పోగా వాడికి మిగిలేది 462. వాడనుకున్న 600 కాదు. నెలకు 26 రోజులు పనిచేస్తే దాదాపు 3,600 తేడా. టైరు డబ్బు అందులోనే పోయిందన్నమాట.

అప్పుడు ఒక్కో ఆర్డర్‌నూ చూశాం. కొత్తపేట హోటల్ నుంచి వనస్థలిపురానికి 6 కిలోమీటర్లు, 45 రూపాయలు. చూడ్డానికి బాగుంది. కానీ హోటల్ దాకా పోవడానికి 2, ఇచ్చి రావడానికి ఇంకో 6. మొత్తం 14 కిలోమీటర్లకు ఖర్చు 51. అంటే తన డబ్బు పెట్టి ఇంకొకరి భోజనం మోశాడు! చైతన్యపురి గల్లీలోకి 25 రూపాయల ఆర్డర్ చిన్నదిగా కనిపిస్తుంది. రానూపోనూ 5 కిలోమీటర్లు, ఖర్చు 18, మిగిలింది 7. అందుకే ఎంతిస్తారన్నది ఒక్కటే చూస్తే చాలదు, బండి చివరికి ఎక్కడ ఆగుతుందో చూడాలి. వనస్థలిపురంలోనే ఇంకో ఆర్డర్ దొరికితే ఆ 6 కిలోమీటర్ల ఖాళీ తిరుగుడు తప్పుతుంది, లెక్క మారిపోతుంది.

ఒక్కమాట, ఇన్సూరెన్స్ గురించి. ఇది నాకు చాలా దిగులు కలిగించే సంగతి. సొంత వాడకానికని తీసుకున్న పాలసీలో, కిరాయికి వాడినా, సరుకు మోసినా వర్తించదని మామూలుగా రాసి ఉంటుంది. అలా రాసి ఉంటే, డెలివరీలో ఉండగా బండి దెబ్బతిన్నప్పుడు క్లెయిమ్ ఇవ్వమనే అవకాశం ఉంది. మీ పాలసీ కాగితంలో బండి వాడకం గురించిన షరతు చదవండి. డెలివరీకి వాడుతున్నానని కంపెనీకి చెప్పి, ఏ పాలసీ వర్తిస్తుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

మీ బండి వేరు, మీ ఊరు వేరు, ఈ 3 రూపాయల 65 పైసలు మీది కాకపోవచ్చు. మీ అంకె మీకు రావాలంటే చిన్న నోట్‌బుక్ చాలు. పొద్దున ఒక రీడింగ్, రాత్రి ఒక రీడింగ్, పెట్రోలు పోయించినప్పుడల్లా ఎన్ని లీటర్లో. మావాడి నోట్‌బుక్ ఇప్పుడు సైడు బాక్సులో ఉంటుంది. మొన్న ఫోన్ చేసి, "కిలోమీటరుకు 3 రూపాయల 65 పైసల చొప్పున రాత్రే డబ్బాలో వేస్తున్నా మామయ్యా, ముందు టైరు అందులోంచే మార్పించా" అన్నాడు.