ఏటి మలుపు, ఒడ్డు కోత: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఈ రోజు విషయం ఏటి మలుపులు, ఒడ్డు కోత. నీటిపారుదల పనుల్లో చాలా ఏళ్ళు చేసి రిటైరైన ఇంజనీరు గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో?

కాలర్ (కోనసీమ): హలో... హలో... వినపడుతుందాండీ?

యాంకర్: వినపడుతోందండీ. మీ రేడియో సౌండు కాస్త తగ్గించండి.

కాలర్: ఒరే, అది కట్టెయ్ రా. ఆయ్, చెప్పండి.

యాంకర్: మీరే చెప్పాలండీ.

కాలర్: మాది గౌతమి పక్కన లంకండి. మా నాన్నగారి నాటికి నాలుగెకరాలండి. ఇప్పుడు రెండున్నర ఉంటే ఎక్కువ. అంతా కొబ్బరే. మొన్నటేడు వరదకి ఒక వరస చెట్లు పోయాయండి, నిరుడు ఇంకో వరస. మా తోడల్లుడిది అవతల ఒడ్డున. ఆయనకేమో ఏటేటా ఇసుక మేటేసి నేల పెరుగుతోంది, పుచ్చకాయలు కూడా వేశాడు. ఒకటే ఏరు కదండీ, మాది కొరికి వాళ్ళకి పెట్టడమేంటండి? నేను ఇసక బస్తాలు వేద్దామనుకుంటున్నా. వెయ్యమంటారా?

ఇంజనీరు: బస్తాల సంగతి తర్వాత. ముందొకటి చెప్పండి. మీ దగ్గర ఏరు విల్లులా వంగి ఉంటుంది కదా. మీరు విల్లు ఉబ్బిన వైపున్నారా, నారి కట్టిన వైపా?

కాలర్: ఉబ్బిన వైపేనండి.

ఇంజనీరు: తోడల్లుడు నారి వైపు. అదీ సంగతి. కొబ్బరి వరసల మధ్య ఎంత వదిలారు?

కాలర్: పాతిక అడుగులండి.

ఇంజనీరు: రెండేళ్ళలో యాభై అడుగులు పోయింది. మీ కొలబద్ద మీ తోటలోనే ఉంది. ఇప్పుడు వినండి. బస్సు మలుపు తిరిగితే మనం బయటి కిటికీ వైపు ఒరుగుతాం. నీళ్ళూ అంతే. మలుపులో నీళ్ళు బయటి ఒడ్డు మీదికి ఒరిగి, అక్కడ మట్టం కొంచెం లేస్తుంది.

కాలర్: ఎంత లేస్తుందండి?

ఇంజనీరు: ఏరు 400 మీటర్ల వెడల్పు, మలుపు వ్యాసార్థం ఒక కిలోమీటరు, నీళ్ళు సెకనుకి 2 మీటర్ల వేగం అనుకుంటే లెక్కకి 16 సెంటీమీటర్లు వస్తుంది. ఒక జానెడు కూడా లేదు. చూస్తే కంటికి ఆనదు. కానీ మలుపు నడిపించేది ఆ జానెడే. బయట ఎత్తు, లోపల పల్లం కాబట్టి నీటినంతా ఆ వాలు లోపలి ఒడ్డు వైపు తోస్తుంటుంది. పైన ఉన్న నీళ్ళు జోరు మీద ఉంటాయి, ఆ తోపుకి లొంగవు, బయటికే పోతాయి. అడుగున నీళ్ళు నేలను రాసుకుంటూ నెమ్మదిగా నడుస్తాయి. వాటికి ఆ జోరు లేదు, అందుకని లోపలికి లాగబడతాయి. పోతూ పోతూ అడుగున ఉన్న ఇసుకనీ తీసుకుపోతాయి. పైన బయటికి, కింద లోపలికి, మొత్తం ముందుకి. పురి పెట్టిన తాడులా తిరుగుతూ పోతుంది ఏరు. మీ ఒడ్డు పాదం దగ్గర నీళ్ళు కిందికి దూకి తవ్వుతాయి, ఎదుటి ఒడ్డు దగ్గర ఇసుక వదులుతాయి.

కాలర్: అంటే నా మట్టే మా తోడల్లుడి పొలంలోకి పోతోందన్నమాట!

ఇంజనీరు: (నవ్వు) లేదులెండి. మీ దగ్గర పోయిన మట్టిలో సన్నది నీళ్ళలో కలిసి సముద్రానికి పోతుంది. ముతక ఇసుక చాలావరకు దిగువన వచ్చే తర్వాతి మలుపుల్లో లోపలి వైపు మేట వేస్తుంది. మీ తోడల్లుడికి పేరింది పై మలుపుల్లో ఎవరిదో. ఆయనతో గొడవ పెట్టుకోకండి.

కాలర్: సరేనండి. మరి బస్తాలు...

ఇంజనీరు: వస్తున్నా. నిరుడు మీ గట్టు వరద పోటెత్తినప్పుడు కూలిందా, తీశాక కూలిందా?

కాలర్: తీశాకేనండి. ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక ఎత్తేశారు, హమ్మయ్య అనుకున్నాం. రెండు రోజులకి రాత్రిపూట ఢామ్మని శబ్దం. తెల్లారి చూస్తే చెట్లతో సహా అండలు అండలుగా కిందికి పోయింది.

ఇంజనీరు: అందరూ అదే చెప్తారు. లంకల గట్టు చాలాచోట్ల రెండు పొరలు. పైన బంక ఒండ్రు, కింద వదులు ఇసుక. వరదలో పాదం దగ్గరి ఇసుక కొట్టుకుపోయి గుల్ల పడుతుంది. కానీ అప్పుడు ఏట్లో నీళ్ళు నిండుగా ఉండి గట్టుని ఎదురు తోస్తుంటాయి, ఆ ఆసరాతో అది నిలబడుతుంది. వరద తీశాక ఆసరా పోయింది. గట్టు లోపలి మట్టి మాత్రం ఇంకా నీళ్ళు తాగి బరువుగానే ఉంది. పడిపోతుంది. అందుకే నేను ఎక్కడికెళ్ళినా ఒకే మాట చెప్తాను: గట్టు పైన కాదు, పాదం చూడండి.

కాలర్: కొబ్బరి వేళ్ళు పట్టి ఉంచవాండి?

ఇంజనీరు: వేళ్ళు పైపొరకే పనికొస్తాయి. కోత పడేది వాటి కంటే కింద. కింద గుల్ల పడ్డాక పైన చెట్టు బరువు నష్టమే.

కాలర్: మరైతే బస్తాలు వెయ్యమంటారా, వద్దంటారా?

ఇంజనీరు: (కాస్త విసుగ్గా) అయ్యా, బస్తాలు ఎక్కడ వేస్తారు? గట్టు వాలు మీద. ఏరు ఎక్కడ తవ్వుతోంది? పాదం కింద. వచ్చే వరదకి బస్తాల కిందినుంచి ఇసుక జారిపోయి అవన్నీ ఏట్లో ఉంటాయి. రాయి పరిచేవాళ్ళు కూడా వాలు మీద పరిచి ఊరుకోరు. పాదం ముందు ఏటి అడుగున మందంగా రాళ్ళు పరిచి వదిలేస్తారు, లాంచింగ్ ఏప్రన్ అంటాం. ఏరు తవ్వేకొద్దీ ఆ రాళ్ళు గుంటలోకి దొర్లి, కొత్తగా పడిన వాలుని అవే కప్పుకుంటాయి. కానీ అది ఒక రైతు చేసుకునే పని కాదు.

కాలర్: కాగితం పెట్టానండి ఆఫీసులో. చూస్తామన్నారు.

యాంకర్: ఒక్క నిమిషం అండీ, ఇతర కాలర్లు వెయిటింగ్‌లో ఉన్నారు. మళ్ళీ లైన్లోకి తీసుకుంటాం. తర్వాతి కాల్, కరీంనగర్ నుంచి. చెప్పమ్మా.

కాలర్ (కరీంనగర్, డిగ్రీ విద్యార్థిని): నమస్తే సార్. భూమి తిరగడం వల్లే నదులు వంకర పోతాయని మా క్లాసులో ఒకబ్బాయి అన్నాడు. కరెక్టేనా సార్?

ఇంజనీరు: కాదమ్మా. ఆ ప్రభావం ఉంది, లేదనను. కానీ ఇందాక చెప్పిన మలుపులో, మన అక్షాంశాల దగ్గర లెక్క వేస్తే, అది మలుపు తోపులో యాభయ్యో వంతు ఉంటుంది. పైగా భూమి తిరగడం వల్లే అయితే మన వైపు నదులన్నీ కుడి ఒడ్డునే కోయాలి. ఎడమకీ కుడికీ మార్చి మార్చి ఎందుకు కోస్తున్నాయి? టీ తాగుతావా?

కాలర్: తాగుతా సార్.

ఇంజనీరు: వడకట్టని టీ గ్లాసులో చెంచాతో తిప్పి వదిలెయ్. టీ పొడి బయటికి విసిరికొట్టినట్టు అంచుకి పోవాలి కదా? పోదు. అడుగున మధ్యలోకి చేరుతుంది. అడుగు నీళ్ళు నెమ్మది, అందుకని లోపలికి లాగబడతాయి. 1926లో ఐన్‌స్టీన్ నదుల మలుపుల మీద రాసిన చిన్న వ్యాసంలో ఈ టీ ఆకుల సంగతే చెప్పాడు. మలుపులో ఇసుక లోపలి ఒడ్డుకి చేరేది కూడా ఇలాగే. మీ క్లాసబ్బాయికి గ్లాసు చూపించు.

కాలర్: థాంక్యూ సార్. ఇంకొకటి, అసలు మొదటి వంకర...

యాంకర్: థాంక్యూ అమ్మా. నల్గొండ నుంచి ఒకరు.

కాలర్ (నల్గొండ): సార్, మా చేను పక్క వాగు వంకరగా ఉందని ఇద్దరు ముగ్గురం కలిసి జేసీబీతో సాఫుగా తవ్వించుకుందామనుకుంటున్నం. మంచిదేనా?

ఇంజనీరు: వద్దమ్మా. వంకర తీస్తే దూరం తగ్గుతుంది, పల్లం అంతే ఉంటుంది. అంటే వాలు పెరిగి నీళ్ళు ఉరుకుతాయి. వాగు అడుగు తవ్వుకుంటూ ఎగువకి పాకుతుంది, పైవాళ్ళ గట్లు కూలతాయి. పైగా తిన్నగా తవ్విన వాగు ఊరుకోదు. ఒకచోట చెట్టు పడుతుంది, ఇంకోచోట ఇసుక దిబ్బ పేరుతుంది, నీళ్ళు పక్కకి ఒరుగుతాయి. ఒరిగిన చోట తవ్వుతాయి, తవ్వినకొద్దీ ఇంకా ఒరుగుతాయి. ఇందాక ఆ అమ్మాయి అడగబోయిన మొదటి వంకర ఇలాంటిదే.

యాంకర్: థాంక్యూ అమ్మా. కోనసీమ నుంచి ఇందాకటి కాలర్ మళ్ళీ లైన్లో ఉన్నారు.

కాలర్ (కోనసీమ): నేనేనండి. ఇందాక ఒకటి చెప్పలేదు. మలుపు బాగా వంగిన చోట నేను లేనండి. దానికి దిగువన, ఒక ఫర్లాంగు ఉంటుంది. కాబట్టి నాకు కాస్త నయమే కదండీ?

ఇంజనీరు: అయ్యో. అదే చెడ్డ చోటండీ.

కాలర్: అదేంటండీ!

ఇంజనీరు: మలుపులోకి వచ్చేటప్పుడు జోరు నీళ్ళు లోపలి ఒడ్డుకే దగ్గరగా ఉంటాయి. ఇందాక చెప్పిన పురి వాటిని మెల్లగా ఈడ్చుకుంటూ బయటి ఒడ్డుకి తెస్తుంది. అలా ఈడ్చుకొచ్చేసరికి నడిమలుపు దాటిపోతుంది. అందుకే కోత ఎక్కువ పడేది నడిమలుపు దాటాక, దిగువ భాగంలో. అందుకే మలుపు మొత్తం ఏటేటా దిగువకి జరుగుతూ పోతుంది. పటం మీద బాగా వంగిన చోట రాయి వేసి, కిందిది వదిలేసిన పనులు చాలా చూశాను. రాయి అలాగే ఉంటుంది, ఏరు దాని కింది చివర దగ్గర లోపలికి పోతుంది.

కాలర్: మరి నా వరకు నేను నా వంద గజాలు కట్టుకుంటే?

ఇంజనీరు: ఆ వంద గజాల చివర మొదలవుతుంది కోత. ఏరు ఆ రాయి వెనక నుంచి తిరిగి మీ తోటలోకే వస్తుంది, లేదా మీ పక్కాయన తోటలోకి. మలుపు మొత్తానికి కలిపి చెయ్యాలి, దిగువ దాకా. కాగితం అందరూ కలిసి పెట్టండి, దాంతో పాటు కొలతలు పెట్టండి.

కాలర్: ఏం కొలతలండి?

ఇంజనీరు: వర్షాలకి ముందు గట్టు అంచు నుంచి లోపలికి యాభై అడుగుల దూరంలో కర్రలు పాతండి, ముప్పై గజాలకొకటి. వరద ముందు, తీశాక, టేపుతో అంచు దాకా కొలిచి తేదీతో రాయండి. నీళ్ళు తగ్గాక పడవ మీద వెళ్ళి తాడుకి రాయి కట్టి, ఒడ్డు నుంచి ఐదడుగులకొకసారి లోతు చూడండి. ఒడ్డు పక్కనే లోతు గభాలున దిగిపోతే పాదం పోతోందని అర్థం. అంచుకి సమాంతరంగా నేల మీద బీట కనబడితే అటు వెళ్ళకండి. పశువుల్ని కట్టకండి. ఆ బీట ఇవతల నిలబడి కొలవండి.

కాలర్: బీట ఉందండి. మూడో వరసకి ఇవతల, తోట వైపు. పోయిన వారం చూశా.

ఇంజనీరు: ఎంత వెడల్పు?

కాలర్: వేళ్ళు దూరతాయండి.

ఇంజనీరు: ఆ వరస కాయలు ఇప్పుడే దించేయండి, కానీ బీట అవతలికి మనిషిని ఎక్కించకండి. గడతో ఇవతల నుంచి అందినన్ని కొయ్యండి, మిగిలినవి వదిలెయ్యండి.

కాలర్: అలాగేనండి. బస్తాలు మాత్రం...

ఇంజనీరు: అయ్యా!

కాలర్: వద్దు. సరేనండి, వద్దు.

యాంకర్: సమయం అయిపోయిందండీ. ఇంజనీరు గారికి థాంక్స్. ఇప్పుడు వార్తలు.