పిన్నిగారికి పంపిన మెసేజ్

అందరికీ నమస్కారం. బరంపురంలో ఇంతమంది ముందు తెలుగులో మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. ఇక్కడున్నవాళ్ళలో ఎక్కువమంది లోగోలు, లేబుళ్ళు, వెబ్‌సైట్లు, అనువాదాలు సొంతంగా చేసుకునేవాళ్ళే. పని చేయడం మనకు వచ్చు. అది పూర్తయ్యాక ఆ క్లయింట్‌నే "మా పని గురించి రెండు మాటలు చెప్తారా" అని అడగాలంటే మాత్రం చెయ్యి ఆడదు. ఈరోజు ఆ ఒక్క మెసేజ్ గురించే చెప్తాను.

ఈ ఊళ్ళోనే అప్పడాలు, వడియాలు, పచ్చళ్ళు చేసి అమ్మే ఒక పెద్దావిడ ఉన్నారు. నేను పిన్నిగారూ అంటాను. ఆవిడ ప్యాకెట్లకి తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడు భాషల్లో లేబుళ్ళు చేశాను. ఫిబ్రవరి చివర్లో పని అయిపోయింది. డబ్బు కూడా మొత్తం ఇచ్చేశారు. మే నెలలో ఒకరోజు పదకొండు గంటలకు ఇలా రాశాను: "పిన్నిగారూ, వీలైతే నా గురించి ఒక మంచి టెస్టిమోనియల్ ఇవ్వగలరా?" నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. నా పని నచ్చలేదేమో అని నాలుగు రోజులు టెన్షన్ పడ్డాను.

తర్వాత ఆలోచిస్తే ఆ ఒక్క వాక్యంలో మూడు తప్పులు కనిపించాయి. మే నెలంటే ఆవిడకి ఊపిరి సలపని కాలం. ఒకపక్క డాబా మీద అప్పడాలు ఎండుతుంటాయి, ఇంకోపక్క మామిడికాయ ముక్కలు కొట్టే మనుషులు వచ్చి కూర్చుంటారు. రెండోది, టెస్టిమోనియల్ అన్న మాట. అది ఆవిడ రోజూ వాడే మాట కాదు, అంటే ఎంత రాయాలో, ఏం రాయాలో తెలియదు. మూడోది అన్నిటికన్నా పెద్దది. నేను "మంచిది" ఇవ్వమన్నాను, అంటే పొగడమన్నాను. పొగడమంటే ఎవరైనా "చాలా బాగా చేశారు" అంటారు. ఆ మాట చూసి కొత్తవాళ్ళు ఎవరూ మనకి పని ఇవ్వరు. అది ఏ పనికైనా, ఎవరికైనా సరిపోయే మాట.

రథయాత్ర అయిపోయింది, వానలు పట్టుకున్నాయి. అప్పడాల పని తగ్గింది. అప్పుడు మళ్ళీ రాశాను. మెసేజ్ మొత్తం చదువుతాను, వినండి.

"పిన్నిగారూ, నమస్కారం. ఫిబ్రవరిలో మీ ప్యాకెట్లకి మూడు భాషల లేబుళ్ళు చేసిన అమ్మాయిని. కొత్తగా పని ఇచ్చేవాళ్ళకి చూపించుకోవడానికి మీ మాట రెండు మూడు వాక్యాలు కావాలి. రాయక్కర్లేదు, వాయిస్ పెట్టినా చాలు. లేబుళ్ళు మార్చకముందు ఇబ్బంది ఏముండేది? మార్చాక ఏం తేడా కనిపించింది? నాతో పనిచేసినప్పుడు మంచో చెడో మీకు గుర్తుండిపోయింది ఏమిటి? మీరు చెప్పింది టైప్ చేసి మీకు చూపించి, సరే అన్నాకే నా వెబ్‌సైట్లో పెడతాను. పేరు వద్దంటే 'బరంపురం అప్పడాల వ్యాపారి' అని వేస్తాను. ఈ ఆదివారంలోగా వీలైతే చెప్పండి. కుదరకపోయినా ఏమీ అనుకోను."

ఇందులో అసలు బరువంతా ఆ మూడు ప్రశ్నలదే. ముందు ఏముండేది, తర్వాత ఏమైంది అని అడిగితే మనిషి జరిగింది తలచుకుంటారు. జరిగింది చెప్పడానికి భాష వెతుక్కోనక్కర్లేదు. మూడో ప్రశ్నలో "మంచో చెడో" అని కావాలనే పెట్టాను. ఆ మాట ఉంటే, మనం పొగడ్త కోసం రాలేదని వాళ్ళకి అర్థమవుతుంది.

ఆ సాయంత్రమే నిమిషం నలభై సెకన్ల వాయిస్ వచ్చింది. సగం తెలుగు, సగం ఒడియా, వెనకాల కుక్కర్ విజిల్. దాంట్లోంచి ఆవిడ మాటలే తీసి, నా మాట ఒక్కటీ కలపకుండా ఇలా టైప్ చేశాను: "ముందు మా ప్యాకెట్ల మీద ఇంగ్లీషు ఒక్కటే ఉండేది. ఏది మినప, ఏది పెసర అని ఇచ్ఛాపురం షాపువాళ్ళు రోజూ ఫోన్లు చేసేవారు. ఇప్పుడు ఆ ఫోన్లు లేవు. మొదటి ప్రింటులో ఒడియా అక్షరాలు విరిగి వచ్చాయి. అడక్కముందే ఆ అమ్మాయి తన డబ్బుతో మళ్ళీ వేయించింది."

ఆ విరిగిన అక్షరాల సంగతి నిజమే. ఫైల్ ప్రెస్సుకి పంపేముందు అక్షరాలను అవుట్‌లైన్‌గా మార్చలేదు. ప్రెస్సు కంప్యూటర్లో ఆ ఫాంట్ లేదు. దాంతో ఒత్తులన్నీ విడిపోయాయి. తప్పు నాదే. ఆ వాక్యం తీసెయ్యమని స్నేహితులు చాలాసార్లు చెప్పారు. నేను ఉంచాను. తర్వాత జయపురం నుంచి ఒకాయన ఫోన్ చేసి మొదట అడిగింది దాని గురించే: "ప్రింటు తేడా వస్తే మీరే చూసుకుంటారా?" పని ఇచ్చేవాళ్ళ భయం ఎక్కడుంటుందో ఆ ఫోన్‌తో నాకు తెలిసింది. అందుకే క్లయింట్ చెప్పిన లోపాన్ని తీసెయ్యవద్దని నేను గట్టిగా చెప్తాను.

కొందరు మొత్తం మాట తామే రాసి "దీనికి సరే అనండి చాలు" అని పంపుతారు. క్లయింట్‌కి శ్రమ తప్పుతుందన్నది నిజమే. కానీ నలుగురు క్లయింట్ల మాటలూ ఒకే గొంతుతో వినిపిస్తాయి, చదివేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. వాళ్ళు చెప్పినదాన్ని కుదించడం వేరు, చెప్పనిదాన్ని వాళ్ళ నోట పెట్టడం వేరు. "నా గురించి రెండు మాటలు చెప్తే తర్వాతి పనిలో రేటు తగ్గిస్తాను" అనడం కూడా వద్దు. ప్రకటనల్లో వాడే ఇలాంటి మాట చెప్పినవాళ్ళ నిజమైన అభిప్రాయమై ఉండాలని, ఇద్దరి మధ్య లావాదేవీ ఏదైనా ఉంటే బయటికి చెప్పాలని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. గూగుల్ కూడా డబ్బో డిస్కౌంటో ఇచ్చి రివ్యూలు రాయించుకోవడానికి ఒప్పుకోదు.

మన ప్రాంతంలో ఇంకో పని ఉంటుంది. పిన్నిగారి మాటలు నేను టైప్ చేసింది తెలుగులో, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది ఒడియావాళ్ళు. ఒడియాలోకి నేనే మార్చాను, కింద "తెలుగు నుంచి అనువాదం" అని వేశాను. ఆవిడ ఒడియా చదవగలరు కాబట్టి రెండూ పంపాను. తెలుగులో ఉన్న "అమ్మాయి" ఒడియాలో "డిజైనర్" అయిందని ఆవిడే పట్టుకున్నారు. "నేను అలా అనలేదమ్మా, మార్చు" అన్నారు, మార్చాను. ఫొటో విషయంలోనూ జాగ్రత్త కావాలి. లేబుల్ మీద ఆవిడ ఫోన్ నంబరు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ భాగం కత్తిరించాకే వెబ్‌సైట్లో పెట్టాను.

ఎప్పుడు అడగాలి అంటే, మన పని వాళ్ళ చేతిలో కొంతకాలం నడిచాక. లేబుల్ అయితే సరుకు ఒక విడత అమ్ముడుపోవాలి. వెబ్‌సైట్ అయితే మూడు నాలుగు వారాలు చాలు. ఫైల్ ఇచ్చిన రోజునే అడిగితే "తర్వాత ఏం తేడా" అన్న ప్రశ్నకి వాళ్ళ దగ్గర జవాబే ఉండదు. బాకీ ఇంకా రావాల్సి ఉంటే అసలు అడగవద్దు. అది బేరంలా కనిపిస్తుంది, వాళ్ళూ ఇబ్బంది పడతారు.

జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేయండి. మళ్ళీ మొత్తం రాయక్కర్లేదు. "మొదటి ప్రశ్న ఒక్కదానికి చెప్పినా చాలండీ" అంటే సరిపోతుంది. మూడోసారి వద్దు. నాకు ఇద్దరు ఇప్పటికీ జవాబు ఇవ్వలేదు. వాళ్ళతో పనులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

టీ రావడానికి ఇంకో పది నిమిషాలు పడుతుందట. ఈలోపు ఫోన్ తీసి, ఈ ఆరు నెలల్లో డబ్బు పూర్తిగా ఇచ్చేసిన ఒక క్లయింట్‌ని తలచుకోండి. వాళ్ళకి ఇప్పుడు సీజనా కాదా అన్నది ముందు చూసుకోండి. ఆ తర్వాత ఏ నెలలో, వాళ్ళకి ఏం చేసిపెట్టారో చెప్పే మొదటి వాక్యం రాయండి. రాసినవి పంపకుండా నాకు చూపించండి, కలిసి సరిచేద్దాం.