పాలపొడి, పెరుగు, అక్క తక్కెడ

శీను: రికార్డింగ్ అవుతోందా? సరే. ఇవాళ పాలపొడితో వంటలు. పాయసం, కేక్, అన్నీ...

లక్ష్మి: ముందు నువ్వు చేసిన పెరుగు సంగతి చెప్పు.

శీను: అక్కా, అప్పుడే మొదలెట్టావా? నిన్న పెరుగన్నం తియ్యగా ఉందన్నారు, అంతే.

లక్ష్మి: తియ్యగా ఉండకేం చేస్తుంది? నువ్వు తెచ్చింది డెయిరీ వైట్‌నర్. టీ కోసం చక్కెర కలిపి అమ్మేది. ప్యాకెట్ వెనక చూస్తే చక్కెర అని ఉంటుంది. పెరుగుకి పాలు తప్ప ఇంకేమీ లేని, వెన్న తీయని పాలపొడి కావాలి.

శీను: సరే, ఒప్పుకున్నా. కానీ నీళ్లు మాత్రం సరిగ్గానే పోశా. నాలుగు గరిటెలు...

లక్ష్మి: గరిటె! ఏ గరిటె? నొక్కి తీశావా, వదులుగా తీశావా? తక్కెడ కొనమని పోయిన సంక్రాంతి నుంచీ చెప్తున్నా.

శీను: వచ్చేసింది తక్కెడ.

లక్ష్మి: వస్తుంది మరి. 130 గ్రాముల పొడికి 900 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే దాదాపు లీటరు పాలు. గ్లాసు 240 అనుకో, 30 గ్రాములు పొడి, 215 నీళ్లు. పెరుగుకైతే నేను లీటరుకి 150 వేస్తా, లేదంటే నీళ్ల పెరుగే.

శీను: అయినా ఉండలు కట్టాయి. నీళ్లు సలసలా మరిగించే పోశా.

లక్ష్మి: అదే తప్పు! మరిగే నీళ్లు తగలగానే పొడి ముద్ద పైపొర జిగురై మూసుకుపోతుంది. లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. ఉండని చిదిమి చూడు, తెల్లగా రాలుతుంది. గోరువెచ్చటి నీళ్లు కాసిని పోసి చపాతీ పిండికన్నా పలచగా కలుపు, తరవాత మిగతా నీళ్లు. ఇరవై నిమిషాలు ఊరనివ్వు. అప్పుడు ఒక పొంగు వచ్చేదాకా కాచి, వేలు పెడితే వెచ్చగా అనిపించేదాకా చల్లార్చి తోడెయ్యి.

శీను: మళ్లీ కాచడమెందుకు? పొడి అంటే ఒకసారి కాచిందేగా.

లక్ష్మి: కాస్తే పెరుగు గట్టిగా తోడుకుంటుంది. కాయకపోతే కదిపితే నీళ్లొస్తాయి. నువ్వు చేసింది అలాగే ఉంది, తియ్యటి నీళ్లు.

శీను: (నవ్వు) అమ్మ అయితే మీగడ లేదని అలిగింది.

లక్ష్మి: రాదులేరా. ఆ పాలలో కొవ్వు ముందే సన్నగా చితికి ఉంటుంది, పైకి తేలదు. చిలికి వెన్న తీద్దామనుకున్నా కుదరదు. అమ్మకి చెప్పకు, నన్నంటుంది.

శీను: అయ్యో, కేక్ సంగతి! రెండు నిమిషాలే ఉంది.

లక్ష్మి: కేకా? పొడిని మైదాలో కలిపి జల్లించు, పాలకి బదులు నీళ్లు పొయ్యి. ఉండల గొడవే లేదు. పాయసానికి బెల్లం వేస్తే మాత్రం మామూలు పాలలాగే విరుగుతుంది, పొయ్యి దించి చల్లారాకే.

శీను: మైదా గ్లాసుతో కొలిస్తే?

లక్ష్మి: తక్కెడ, శీనూ.

శీను: కుక్కర్ కూస్తోంది, ఉండు...