మంట తగ్గింది, మరి కారణం?

అందరికీ నమస్కారం. ఛాతీలో మంటకు మాత్ర వేసుకోగానే ఉపశమనం కలిగితే, అది ఉత్త ఎసిడిటీయే అని చాలామంది తేల్చేసుకుంటారు. ఆ తీర్మానమే నన్ను భయపెడుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. 58 ఏళ్ల మనిషి అనుకోండి. పొట్ట పైభాగంలో మంట వస్తే, తెలిసినవారు చెప్పారని రోజూ పరగడుపున పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాముల మాత్ర వేసుకోవడం మొదలుపెట్టారు. వారంలో మంట పోయింది. ఆరు నెలలు అలాగే వాడారు. ఈలోగా నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లు ఉంటోంది. చొక్కాలు వదులయ్యాయి. మెట్లెక్కితే ఆయాసం. మంట లేదు కదా అని ఊరుకున్నారు. చివరికి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8 మాత్రమే ఉంది. ఎండోస్కోపీలో జీర్ణాశయంలో పుండు కనిపించింది, ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ అని తేలింది.

క్యాన్సర్‌ను ఆ మాత్ర తెచ్చిపెట్టలేదు, కప్పిపెట్టింది. జీర్ణాశయంలో ఆమ్లాన్ని స్రవించే కణాలను అది అడ్డుకుంటుంది. ఆమ్లం తగ్గితే క్యాన్సర్ పుండు కూడా నొప్పెట్టడం మానవచ్చు, పైపైన మానినట్లు కనిపించవచ్చు. లోపలి గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఎండోస్కోపీకి వెళ్లినప్పుడు ఏ మాత్ర ఎంతకాలంగా వాడుతున్నారో డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఉందో లేదో శ్వాస ద్వారా, మలం ద్వారా పరీక్షిస్తారు. దానికి రెండు వారాల ముందు ఈ మాత్రలు ఆపమంటారు. ఆపకపోతే బాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు.

మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, ఆగని వాంతులు, తారులాంటి నల్లటి విరేచనం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మాత్రతో సరిపెట్టుకోకూడదు. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది, కానీ అది జిగటగా, దుర్వాసనతో ఉంటే రక్తస్రావమని అనుమానించాలి.

గుండెపోటు కూడా మంటలాగే రావచ్చు. చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే యాంటాసిడ్ ద్రవం తాగి ఎదురుచూడకండి. అది తాగాక కాస్త తగ్గినా గుండె బాగుందని రుజువు కాదు. వెంటనే ఈసీజీ తీయించాలి.

పాంటోప్రజోల్ లాంటి మాత్రలను ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. ఎముకలు విరిగే ప్రమాదం కొంత పెరుగుతుందని కూడా పరిశీలనల్లో కనిపించింది. ఇంకొక చిక్కు ఉంది. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఆమ్లం మునుపటికంటే ఎక్కువగా ఊరి, మంట తిరగబెడుతుంది. దాన్ని చూసి చాలామంది మాత్ర లేనిదే బతకలేమనుకుంటారు. మోతాదును మెల్లగా తగ్గిస్తే కొన్ని వారాల్లో అది సర్దుకోవచ్చు.

అయితే గతంలో పుండు నుంచి రక్తస్రావమై, గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్నవారికి ఈ మాత్ర రక్షణ. నా మాట విని వాళ్లు సొంతంగా ఆపకూడదు.